పాత బిల్లు వయసెంత?

విజయవాడలో ఒక పైపుల హోల్‌సేల్ కొట్టు ఉందనుకుందాం. పక్క మండలంలోని హార్డ్‌వేర్ షాపుకి 30 రోజుల అరువు మీద నెలకు లక్ష రూపాయల సరుకు వేస్తోంది. షాపాయన ఏప్రిల్ నుంచి ప్రతి ఒకటో తేదీన సరుకు ఎత్తుతున్నాడు, నెలాఖరుకల్లా 80 వేలు కడుతున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, మర్యాదగా మాట్లాడతాడు. కొట్టు గుమాస్తా దృష్టిలో ఆయన మంచి పార్టీ.

సెప్టెంబరు 15న ఖాతా తీద్దాం. ఆరు బిల్లులకు 6 లక్షలు, వచ్చింది 4 లక్షలు, బాకీ 2 లక్షలు. వచ్చిన డబ్బును పాత బిల్లు నుంచి వరసగా కొట్టేసుకుంటూ వస్తే రెండు బిల్లులు మిగులుతాయి. సెప్టెంబరు బిల్లుకు ఇంకా గడువుంది. ఆగస్టు బిల్లుకు మాత్రం గడువు దాటి 15 రోజులైంది. మొత్తం బాకీ ఒక్కటే చూస్తే ఈ తేడా కనపడదు. అందుకే జమలను ‘ఆన్ అకౌంట్’ అని గుండుగుత్తగా రాయకుండా ఏ బిల్లుకు ఎంత జమైందో రాయాలి. పార్టీ ఫలానా బిల్లుకని చెప్పి కడితే దానికే జమ చేయాలి.

ఇప్పుడు అసలు లెక్క. పైపుల మీద మిగిలేది నూటికి 5 రూపాయలనుకుంటే, ఈ షాపు మీద నెలకు 5 వేలు లాభం. అదే షాపులో నెలనెలా కొత్తగా ఇరుక్కుంటున్నది 20 వేలు. అంటే వ్యాపారం పేరుతో ఆయనకు అప్పు ఇస్తున్నాం. ఆ 2 లక్షలు మునిగితే, పూడ్చుకోవడానికి 40 లక్షల సరుకు అమ్మాలి. నా దృష్టిలో, ఇరుక్కునే డబ్బు లాభాన్ని మించడం వరసగా మూడు నెలలు సాగితే అరువు ఆపాల్సిందే. ఈ నిర్ణయం సేల్స్ కుర్రాడికి వదలకూడదు, అతనికి అమ్మకాల టార్గెట్ ఉంటుంది. యజమానే వెళ్లి మాట్లాడాలి.

అరువు ఆపినంత మాత్రాన సరుకు ఆపినట్టు కాదు. “ఇకనుంచి సరుకు నగదుకే. వచ్చినప్పుడల్లా పాత బాకీలో పది వేలు కలిపి ఇవ్వండి” అని అడగాలి. అమ్మకం సాగుతున్న షాపు దీనికి బేరమాడి అయినా ఒప్పుకుంటుంది. ఒప్పుకోకుండా, పాతది కట్టకుండా, ఎప్పుడూ లేనంత పెద్ద ఆర్డరు ఇస్తే ఆ రోజే లారీ ఆపండి.

అంతకంటే ముందు ఒక కాగితం రాయించుకోవాలి. అరువు గడువు ముగిసిన నాటి నుంచి మూడేళ్లలోపే కోర్టుకు వెళ్లాలి. ఆలోగా “ఇంత బాకీ ఉన్నాను” అని ఆయన సంతకం పెట్టిస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు దొరుకుతాయి. ఆ సంతకం సరుకు నడుస్తుండగానే తీసుకోండి. ఆపేశాక ఆయన మీ కొట్టు మెట్లెక్కడు.