తేదీ రాయండి, తీర్పు వద్దు

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీమ్ ఉందనుకుందాం. క్లయింట్ అమెరికాలో. సాయంత్రం షిఫ్ట్ వాళ్లు రాత్రి దిగిపోయే ముందు, ఏ టికెట్ ఎక్కడ ఆగిందో హ్యాండోవర్ నోట్‌లో రాసి నైట్ షిఫ్ట్‌కి అప్పజెప్పాలి. ఆ టీమ్‌లో రెండేళ్లుగా ఉన్న ఒక కుర్రాడికి పని బాగానే వచ్చు, చిక్కంతా ఆ నోట్ దగ్గరే. ఒకే వారంలో రెండుసార్లు టికెట్ తెరిచి ఉండగానే ‘ఇన్ ప్రోగ్రెస్’ అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోయాడు. నైట్ షిఫ్ట్‌లో ఉన్నమ్మాయి అంతా మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంది. అతను క్లయింట్‌ని అడిగేసిన ప్రశ్ననే తెలియక మళ్లీ అడిగింది. క్లయింట్ విసుక్కుంటూ టీమ్ లీడ్‌కి రాశాడు.

ఇప్పుడు లీడ్ ఆ కుర్రాడికి మెయిల్ రాయాలి. ఇలాంటివి మన ఆఫీసుల్లో ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి. తెలుగులో చెప్పుకుంటే, చాలామంది రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

“ఈమధ్య మీ పనిలో బాధ్యత కనబడటం లేదు. హ్యాండోవర్ ఎప్పుడూ అరకొరగానే ఉంటోంది. విషయం క్లయింట్ దాకా వెళ్లింది. రెండేళ్ల అనుభవం ఉన్న మీరు ఇలా చేస్తారనుకోలేదు. ఇకనైనా జాగ్రత్తగా ఉండండి.”

ఇందులో బూతు లేదు, అరుపు లేదు. అయినా చదివినవాడికి ఆ పూట అన్నం సహించదు. అంత బాధపెట్టీ ఏ రోజు, ఏ టికెట్, ఏం రాసి ఉండాల్సింది అన్నది ఒక్కటీ చెప్పదు. ‘ఎప్పుడూ’ అన్న మాట చూడగానే తను చక్కగా రాసిన నోట్‌లు గుర్తొస్తాయి అతనికి. అన్యాయంగా అన్నారన్న ఉక్రోషంలో అసలు తప్పు పక్కకు పోతుంది. ‘బాధ్యత లేదు’ అన్నది మనిషి మీద తీర్పు. దాన్ని రేపటి షిఫ్ట్‌లో ఎలా సరిచేసుకోవాలో ఎవరికీ తెలియదు.

దీని మీద గట్టి పరిశోధనే ఉంది. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసి అనే ఇద్దరు అప్పటిదాకా జరిగిన ఎన్నో అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించి 1996లో ఫలితాలు ప్రచురించారు. పనితీరు గురించి చెప్పడం వల్ల సగటున పని మెరుగుపడుతుందని తేలింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో పని ఇంకా దిగజారింది. వాళ్లు చెప్పిన కారణం గుర్తుంచుకోదగ్గది. చెప్పిన మాట మనిషి దృష్టిని పని మీద నిలపకుండా తన మీదికి, తన విలువ మీదికి మళ్లిస్తే ఫలితం పడిపోతుంది. పైన చూసిన మెయిల్ చేసేది సరిగ్గా అదే.

అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ నాయకత్వ శిక్షణలో మూడు మెట్ల పద్ధతి నేర్పుతుంది. ముందు సందర్భం, తర్వాత ఆ మనిషి చేసిన పని, ఆ తర్వాత దానివల్ల జరిగింది. రెండో మెట్టులో కంటికి కనిపించినదే ఉండాలి, మన ఊహ ఉండకూడదు. అదే విషయాన్ని ఇలా రాసి చూద్దాం:

“మంగళవారం 10న, గురువారం 12న మీ షిఫ్ట్ అయ్యేసరికి పేమెంట్ ఫైల్ టికెట్ తెరిచే ఉంది. రెండు రోజులూ నోట్‌లో ‘ఇన్ ప్రోగ్రెస్’ అని మాత్రమే ఉంది. అప్పటికి మీరు ఏం చూశారో, క్లయింట్‌ని ఏం అడిగారో లేదు. మంగళవారం రాత్రి లాగ్‌లన్నీ మళ్లీ చూడటానికి గంటన్నర పట్టింది. గురువారం క్లయింట్‌కి ఒకే ప్రశ్న రెండుసార్లు వెళ్లింది. గురువారం మీరు పట్టుకున్న కారణం సరైనదే. అది నోట్‌లో ఉండి ఉంటే నైట్ షిఫ్ట్ అక్కడి నుంచే మొదలుపెట్టేది.

“ఇకపై తెరిచి ఉన్న ప్రతి టికెట్‌కీ ఇంతవరకు ఏం చూశారు, ఎవరి జవాబు కోసం ఆగాం, తర్వాత ఏం చేయాలి అన్నవి రాయండి. షిఫ్ట్ చివర్లో టైమ్ చాలట్లేదా, ఇంకేదైనా ఇబ్బంది ఉందా, చెప్పండి. సోమవారం నుంచి రెండు వారాలు ఇలా చేద్దాం. 27న పావుగంట కూర్చుని నోట్‌లు కలిసి చూద్దాం.”

ఇది మొదటిదానికంటే పెద్ద మెయిల్, తప్పును ఇంకా విడమరిచి చెప్పింది. అయినా తక్కువ నొప్పిస్తుంది. తేదీ, టికెట్, గంటన్నర ఇవన్నీ అతను తనే సరిచూసుకోగలిగినవి. అతని స్వభావం గురించి ఒక్క మాట లేదు. ‘ఇబ్బంది ఉందా’ అన్న ప్రశ్న మర్యాద కోసం పెట్టింది కాదు. షిఫ్ట్ ముగిసే వేళకే రోజూ క్లయింట్ కాల్ పడుతుంటే నోట్ రాసే తీరిక ఎక్కడుంటుంది? అలాంటప్పుడు మార్చాల్సింది కాల్ వేళను.

పొగడ్త గురించి ఒక మాట. ముందొక మెప్పు, మధ్యలో తప్పు, చివర మరో మెప్పు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. నాకు ఇది నచ్చదు. ఆ పద్ధతిలో కొందరికి మెప్పే గుర్తుంటుంది, తప్పు జారిపోతుంది. మిగతావాళ్లు మెప్పు కనబడగానే వెనక ఏదో వస్తోందని బిగుసుకుంటారు. పై మెయిల్‌లో మెప్పు ఒక్కటే ఉంది, అదీ నిజమైనది. ఆ నోట్ ఎందుకు రాయాలో చెప్పేది కూడా ఆ వాక్యమే.

మెయిల్‌కి ఒక పరిమితి ఉంది, అందులో గొంతు వినపడదు. 2005లో జస్టిన్ క్రూగర్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, తాము రాసింది వెటకారమో మామూలు మాటో అవతలివాళ్లు వందకు 78 సార్లు పోల్చుకుంటారని రాసినవాళ్లు అనుకున్నారు. పోల్చుకున్నది 56 సార్లే. బొమ్మా బొరుసు వేసినా యాభై వస్తుంది కదా! అందుకే వీలైతే ముందు పది నిమిషాలు విడిగా మాట్లాడి, అనుకున్నదాన్ని ఆ తర్వాత మెయిల్‌లో పెట్టడం మంచిది. సీసీలో మేనేజర్‌ని పెడితే ఎంత మెత్తగా రాసినా అది ఫిర్యాదే అవుతుంది. శుక్రవారం సాయంత్రం పంపితే రెండు రోజులు అతను ఎవరినీ అడగలేక నలుగుతాడు.

మెయిల్ పనిచేసిందో లేదో జవాబులో తెలుస్తుంది. ‘నోటెడ్, విల్ టేక్ కేర్’ అని వస్తే సంతోషించకండి. విషయం ముగించేద్దామనే తొందర ఎక్కువగా అలాగే రాయిస్తుంది. తన పాత విజయాలన్నీ ఏకరువు పెడుతూ పొడుగ్గా రాస్తే, మీ మాటల్లో ఎక్కడో తీర్పు వినబడిందని అర్థం. వెళ్లి మాట్లాడండి. ‘గురువారం కాల్ ఆలస్యమైంది, రేపటి నుంచి నోట్ ముందే మొదలుపెడతాను’ లాంటి జవాబు వస్తే విషయం చేరినట్టే.

అయితే రెండు వారాల తర్వాత 27న కూర్చున్నప్పుడూ అదే తప్పు కనిపిస్తే ఇంకో మెత్తని మెయిల్ వల్ల లాభం లేదు. అప్పుడు మేనేజర్‌తో కలిసి ముఖాముఖి మాట్లాడి, ఫలితం ఎలా ఉంటుందో దాపరికం లేకుండా చెప్పాలి. వేధింపు, డబ్బు గోల్‌మాల్ లాంటివైతే మొదటి రోజే హెచ్‌ఆర్‌కి వెళ్లాలి, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

టీమ్ లీడ్‌లకు నా విన్నపం ఒకటే. జూన్‌లో జరిగిన పొరపాటును మార్చి అప్రైజల్ దాకా దాచిపెట్టకండి. అప్పటికి టికెట్ నంబర్ మీకూ గుర్తుండదు, సరిదిద్దుకోవడానికి అతనికీ వ్యవధి ఉండదు. జరిగిన వారంలోనే చెప్పండి.