ఈ శనివారం బ్యాంకు తెరుస్తారా?

బ్యాంకులకు వారం విడిచి వారం శనివారం సెలవని చాలామంది అనుకుంటారు. మాట వినడానికి బాగానే ఉంటుంది, నెలలో మూడు వంతులు సరిపోతుంది కూడా. సరిపోని ఆ నాలుగో వంతులోనే జనం బ్యాంకు షట్టర్ ముందు నిలబడి తాళం వంక చూస్తుంటారు. అసలు నియమం వేరు. ప్రతి నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. మొదటిది, మూడోది, ఉంటే ఐదోది పనిదినాలు. చిక్కంతా ఆ ఐదో శనివారంతోనే.

ఈ ఏర్పాటు 2015 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు శనివారాలన్నీ బ్యాంకులో ఒంటిపూట పనిదినాలే. మధ్యాహ్నానికల్లా కౌంటర్లు మూసేసేవారు. ఉద్యోగ సంఘాలకూ బ్యాంకు యాజమాన్యాలకూ 2015 మే నెలలో వేతన ఒప్పందం కుదిరినప్పుడు, ఒంటిపూటలు తీసేసి రెండు శనివారాలు పూర్తి సెలవు, మిగతావి పూర్తి పనిదినాలుగా మార్చుకున్నారు. కేంద్ర ప్రభుత్వం దీన్ని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద ప్రభుత్వ సెలవుగా ప్రకటించింది. అందువల్ల ఇది ఏదో ఒక బ్యాంకు తన సిబ్బందికి ఇచ్చుకున్న సెలవు కాదు. ప్రభుత్వ బ్యాంకులు, ప్రైవేటు బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులు అన్నిటికీ ఒకటే వర్తిస్తుంది. ‘ప్రైవేటు బ్యాంకు కదా, తెరిచే ఉంటుంది’ అనుకుని వెళ్లనక్కర్లేదు.

మనవాళ్లకు రెండో శనివారం బాగా గుర్తుంటుంది. బడికి వెళ్లే రోజుల నుంచీ అది సెలవే. నాలుగోది అలా ఒంటికి పట్టలేదు. బ్యాంకుకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్లు నాలుగో శనివారాన ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణమని నా అనుమానం.

లెక్కకు వేళ్లు మడవనక్కర్లేదు, తేదీ చూస్తే చాలు. ఏ నెలలోనైనా మొదటి ఏడు రోజుల్లో ప్రతి వారమూ ఒక్కసారే వస్తుంది కాబట్టి మొదటి శనివారం 1 నుంచి 7 లోపే పడి తీరాలి. రెండోది 8 నుంచి 14 లోపు, మూడోది 15 నుంచి 21 లోపు, నాలుగోది 22 నుంచి 28 లోపు. 29, 30, 31 తేదీల్లో శనివారం పడితే అది ఐదోది. అంటే శనివారం తేదీ 8–14 మధ్యగానీ 22–28 మధ్యగానీ ఉంటే బ్యాంకు మూసే ఉంటుంది. నెల ఏ వారంతో మొదలైనా, ఫిబ్రవరికి ఎన్ని రోజులున్నా ఈ లెక్క తప్పదు.

క్యాలెండర్‌లో వరసలు లెక్కపెట్టేవాళ్లు మాత్రం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఆదివారంతో మొదలయ్యే గోడ క్యాలెండర్‌లో ఎన్నో వరసయితే అన్నో శనివారం, అక్కడ ఇబ్బంది లేదు. ఫోన్లలో కొన్ని క్యాలెండర్లు సోమవారంతో మొదలవుతాయి. నెల ఒకటో తేదీ ఆదివారమైతే అందులో మొదటి వరసలో ఆ ఒక్క ఆదివారమే ఉంటుంది, శనివారం ఉండదు. 7వ తేదీ శనివారం రెండో వరసలోకి పోతుంది. వరస చూసి రెండో శనివారమనుకుంటే నిక్షేపంలా పనిచేసే రోజున ఇంట్లో కూర్చున్నట్టు. 2026 ఫిబ్రవరి, మార్చి రెండూ ఇలాంటి నెలలే.

‘వారం విడిచి వారం’ లెక్క ఎక్కడ దెబ్బతింటుందో అదే ఏడాది మొదటి రెండు నెలల్లో చూడొచ్చు. జనవరిలో శనివారాలు 3, 10, 17, 24, 31. సెలవులు 10న, 24న. నరసరావుపేట దగ్గరి ఒక ఊళ్లో ఒకావిడ బ్యాంకులో నగలు తాకట్టు పెట్టి అప్పు తీసుకుందనుకుందాం. ఫిబ్రవరి 15, ఆదివారం మహాశివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టాలొస్తారు, ఆ నాటికి నగలు విడిపించుకోవాలని ఆమె కోరిక. జనవరి 10 సెలవు, 24 సెలవు, కాబట్టి ఫిబ్రవరి 7 సెలవు, 14 పనిదినం అని ఆమె లెక్క వేసుకుంది. 14న ఉదయాన్నే వెళ్లి డబ్బు కట్టి నగలు తెచ్చుకుందామని నిశ్చింతగా ఉంది.

నిజానికి జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. జనవరి 31 ఐదో శనివారం, పనిదినం. ఫిబ్రవరి 7 మొదటి శనివారం, అదీ పనిదినమే. వరసగా రెండు శనివారాలు బ్యాంకు పనిచేసింది. 14 రెండో శనివారం, సెలవు. మర్నాడు ఆదివారం. నగలు బ్యాంకు లాకర్లో, చుట్టాలు ఇంట్లో. డబ్బయితే ఫోన్లోంచైనా పంపొచ్చుగానీ నగలు చేతికి రావాలంటే శాఖ తెరవాలి, రసీదు చూడాలి, సంతకం తీసుకోవాలి. ఆమె 13వ తేదీ శుక్రవారమే వెళ్లాలి, లేదా హాయిగా 7వ తేదీ శనివారం వెళ్లి రావాలి. ఐదు శనివారాలున్న ప్రతి నెల తర్వాతా ఇదే వరస. నాలుగో శనివారం సెలవు నుంచి మరుసటి నెల రెండో శనివారం సెలవుకు రెండు వారాలు కాక మూడు వారాలు పడుతుంది, అక్కడి నుంచి పాత లెక్క పూర్తిగా ఎదురు తిరుగుతుంది. 2026లో జనవరి, మే, ఆగస్టు, అక్టోబరు ఇలాంటి నెలలు.

తేదీ చూసి పనిదినమని తేలినా ఇంకొక్కటి చూసుకోవాలి, ఆ రోజు పండుగ సెలవేమైనా ఉందా అని. దీనికి 2026 ఆగస్టు మంచి ఉదాహరణ. 8న రెండో శనివారం. 15 మూడో శనివారం, మామూలుగా పనిదినమే, కానీ స్వాతంత్ర్య దినోత్సవం. 22 నాలుగో శనివారం. వరసగా మూడు శనివారాలు బ్యాంకు మూతే. శనివారం తప్ప వీలుచిక్కని ఉద్యోగస్తుడికి ఆ నెలలో మిగిలేవి 1, 29 తేదీలే. అలాగే పండుగ వచ్చి రెండో శనివారం మీద పడితే రెండు సెలవులూ ఒకటైపోతాయి. దానికి బదులుగా మరో శనివారం మూయరు.

గోడ క్యాలెండర్‌లోని ఎర్ర తేదీలన్నీ బ్యాంకు సెలవులు కావన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వాలు తమ కార్యాలయాలకు ఇచ్చే సాధారణ సెలవుల జాబితా ఒకటి, బ్యాంకులకు వర్తించేలా పైన చెప్పిన చట్టం కింద ఇచ్చే జాబితా మరొకటి. రెండింటిలో చాలావరకు అవే పండుగలుంటాయిగానీ అచ్చంగా ఒకటి కావు. ఐచ్ఛిక సెలవులకైతే బ్యాంకు శాఖ మూయరు. పైగా శాఖ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం సెలవే పాటిస్తుంది. ఖాతా విజయవాడలో ఉన్నా మీరు వెళ్లేది హైదరాబాద్ శాఖకైతే తెలంగాణ జాబితానే చూడాలి. రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో నెలవారీగా, ప్రాంతీయ కార్యాలయాల వారీగా ఈ సెలవుల పట్టిక ఉంటుంది. నమ్మదగింది అదే. ఆ పట్టికను పండుగ సెలవుల కోసం చూడండి, రెండో నాలుగో శనివారాలను తేదీని బట్టి మీరే కలుపుకోండి. రంజాన్ వంటి పండుగలకు నెలవంకను బట్టి సెలవు ఒక రోజు జరగవచ్చు కాబట్టి, అలాంటి వారంలో శుక్రవారం పేపరు చూడటం మేలు.

ఏప్రిల్ 1 సంగతి కూడా ఒకటుంది. ఆ రోజు బ్యాంకులు ఏడాది లెక్కలు ముగించుకుంటాయి, లోపల సిబ్బంది ఉంటారుగానీ ఖాతాదారుల పనులు జరగవు. 2023లో ఆ తేదీ శనివారమే వచ్చింది. మొదటి శనివారమే కదా అని వెళ్లినవాళ్లకు తలుపులు సగం తెరిచి కనిపించి మరింత ఒళ్లు మండి ఉంటుంది.

ఇక ఫోన్‌లోని మ్యాపు. అందులో శాఖ పేరు కొడితే వారంలో ఏ రోజు ఎన్ని గంటలకు తెరుస్తారో చూపిస్తుంది. అవి వారానికి ఒకసారి చొప్పున తిరిగే వేళలు. శనివారం పది నుంచి నాలుగు అని రాసి ఉంటే, చాలా శాఖల విషయంలో రెండో శనివారమైనా మూడో శనివారమైనా అదే చూపిస్తుంది. దాన్ని నమ్మి బయల్దేరొద్దు. శాఖకు ఫోన్ చేసి కనుక్కోవాలంటే శుక్రవారమే చేయాలి. శనివారం ఎవరూ ఎత్తకపోతే సెలవో, రద్దీయో తెలియదు. కొన్నిచోట్ల ఆదివారం బదులు మరో రోజు వారపు సెలవు పాటించే శాఖలూ ఉంటాయి. అలాంటి శాఖలో ఖాతా ఉంటే తలుపు పక్కన బోర్డులో రాసిన పనివేళలే ప్రమాణం.

శాఖ మూసి ఉందంటే డబ్బు కదలికా ఆగిందనుకోవడం మరో పొరపాటు. ఇది 2015లో చాలావరకు నిజమే, ఇప్పుడు కాదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి ఏడాది పొడవునా ఇరవై నాలుగు గంటలూ నడుస్తున్నాయి. వాయిదాలు ఖాతాలోంచి దానంతటదే కోసుకునే నాచ్ పద్ధతి కూడా 2021 ఆగస్టు 1 నుంచి సెలవు రోజుల్లోనూ పనిచేస్తోంది. కాబట్టి అప్పు వాయిదా తేదీ రెండో శనివారం పడితే సోమవారం దాకా గడువుందిలే అనుకోకూడదు. ఆ రోజే ఖాతాలో డబ్బు లేకపోతే వాయిదా తిరిగిపోయి రుసుము పడుతుంది. చెక్కులు మాత్రం ఈ రెండు శనివారాల్లో క్లియరింగుకు పోవు.

గడువు తీరే తేదీ ఈ సెలవు మీద పడితే ఏమవుతుందనేది అందరికీ తెలియని సంగతి. ఫిక్స్‌డ్ డిపాజిట్ నాలుగో శనివారం ముగిస్తే బ్యాంకు తర్వాతి పనిదినాన డబ్బిస్తుంది, మధ్య రోజులకూ ఒప్పుకున్న వడ్డీయే కలుపుతుంది. ప్రామిసరీ నోటు సంగతి దీనికి ఎదురు. గడువు రోజు ప్రభుత్వ సెలవైతే అంతకు ముందు పనిదినానికే అది చెల్లించాల్సినట్టు లెక్క. ఇచ్చేవాడికి ఒక రోజు కలిసొస్తుందని కాదు, ఒక రోజు తగ్గుతుంది.

శనివారాలన్నీ సెలవుగా మార్చాలని బ్యాంకు ఉద్యోగ సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. దానికి బ్యాంకుల యాజమాన్యాలతో 2024లో అవగాహన కుదిరినా ప్రభుత్వ ఆమోదం కావాలి, నోటిఫికేషన్ రావాలి. అది వచ్చేదాకా 8–14, 22–28 లెక్కే. ఇవి బ్యాంకులకు మాత్రమేనని మరిచిపోవద్దు. పోస్టాఫీసులు రెండో శనివారమూ తెరిచే ఉంటాయి, ఎల్‌ఐసీ కార్యాలయాలు 2021 మే నుంచి ఏ శనివారమూ తెరవడం లేదు. ఒకే రోజు మూడు పనులూ చక్కబెట్టుకుందామని సంచి సర్దుకునేవాళ్లు శనివారం కాక మరో రోజు చూసుకోవాలి.