ఐదు నిమిషాల బొమ్మల సినిమాకు ఆరు నెలల లెక్క

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలిసిందే. ఎలుకల బెడద తగ్గించడానికి రాయలవారు ఇంటికో పిల్లిని, దాని పాల కోసం ఒక ఆవును ఇస్తారు. రామకృష్ణుడు మొదటి రోజే పిల్లి ముందు కాగే పాలు పెడతాడు. మూతి కాలిన పిల్లి ఇక పాల గిన్నె కనబడితే చాలు పరుగు తీస్తుంది, పాలు ఇంటివాళ్లకు మిగులుతాయి. తనిఖీ రోజున అందరి పిల్లులూ బొద్దుగా ఉంటే, రామకృష్ణుడిది మాత్రం ఎముకల గూడులా ఉంటుంది. చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ముగ్గురు మిత్రులు దీన్ని చేత్తో గీసిన యానిమేషన్‌గా తీయాలనుకుంటే మాత్రం ఎన్ని నెలలు పడుతుందో ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క ఎలా వేయాలో ఈ కథతోనే చూద్దాం.

ముగ్గురిలో ఒకరు దర్శకుడు, ఆయనకు బొమ్మలు కదిలించడమూ వచ్చు. ఒకరు పూర్తి స్థాయి యానిమేటర్. మూడో ఆమె చిత్రకారిణి. పాత్రల రూపాలు, వెనక కనిపించే ఇళ్లూ వీధులూ గీయడం, చివర అన్ని పొరలనూ కలిపి షాటు పూర్తిచేయడం ఆమె పని. సంగీతం, గొంతులు బయటివాళ్లవి. ఓపెన్‌టూంజ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి పరికరాల ఖర్చు పక్కన పెడదాం. అసలు ఖర్చయ్యేది రోజులు.

ఐదు నిమిషాలంటే 300 సెకన్లు. మొదట్లో పేర్లకు, చివర్లో పేర్లకు కలిపి 40 సెకన్లు తీసేస్తే 260 సెకన్ల కథ మిగులుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. చేతి బొమ్మల యానిమేషన్‌లో ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలబెట్టడం మామూలు పద్ధతి, కాబట్టి సెకనుకు 12 బొమ్మలు కావాలి. మొత్తం 3,120 బొమ్మలు. తెర మీద ఇద్దరు కదిలే చోట అది రెట్టింపు. మొదటిసారి సినిమా తీసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగి, రోజుకు ఇన్ని బొమ్మలు గీస్తే ఇన్ని రోజులని భాగిస్తారు. ఆ భాగహారం పనికిరాదు. రాయలవారు సింహాసనం మీద కూర్చుని కళ్లు మాత్రం కదిపే ఐదు సెకన్లూ, పిల్లి గిన్నెను చూసి గిర్రున తిరిగి దూకే ఐదు సెకన్లూ ఒకటి కావు. నాలుగు కాళ్ల జంతువు పరుగు యానిమేషన్‌లో కష్టమైన పనుల్లో ఒకటి.

అందుకే లెక్కకు కొలమానం సెకను కాదు, షాటు. కెమెరా ఒక చోట మొదలై, తర్వాతి కట్ వచ్చేదాకా నడిచే ముక్క అది. మన కథ 52 షాట్లుగా విడిపోయిందనుకుందాం, సగటున ఐదు సెకన్లు. ఒక్కో షాటునూ చూసి సులువు, మధ్యరకం, కష్టం అని గుర్తు పెట్టాలి. ఒకే పాత్ర, తలా చేతులూ మాత్రమే కదిలితే సులువు. నడక, ఇద్దరి సంభాషణ మధ్యరకం. జంతువుల పరుగు, జనసమూహం, కెమెరాతో పాటు చుట్టూ తిరిగే దృశ్యం కష్టం.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఒక్కో రకానికి ఎన్ని రోజులు? దీనికి పుస్తకంలో జవాబు వెతకకూడదు, ఇంకో బృందం వేగాన్ని అరువు తెచ్చుకోకూడదు. దర్శకుడు స్టోరీబోర్డు గీస్తున్న వారాల్లోనే యానిమేటర్ ఒక్కో రకం నుంచి ఒక్కో షాటును మొదటి గీత నుంచి రంగులు నిండేదాకా పూర్తిచేసి చూడాలి. పూర్తిగా అనే మాట ముఖ్యం. చిత్తు బొమ్మలు వేగంగా వస్తాయి, మనసుకు ఉత్సాహమిస్తాయి. గీతలను శుభ్రం చేయడం, రంగు నింపడం దగ్గర రోజులు కరిగిపోతాయి. మన యానిమేటర్‌కు సులువైన షాటుకు ఒక రోజు, మధ్యరకానికి రెండున్నర, కష్టమైనదానికి ఐదు రోజులు పట్టాయనుకుందాం.

మొదటి స్టోరీబోర్డులో 16 సులువైనవి, 20 మధ్యరకం, 16 కష్టమైనవి తేలాయి. 16, 50, 80 కలిపితే 146 రోజుల యానిమేషన్. ఇద్దరు పంచుకున్నా మనిషికి 73 రోజులు. ఇది ఎక్కువ అనిపిస్తే తగ్గించాల్సిన చోటు ఇదే, ఈ దశలోనే. కాగితం మీద షాటు మార్చడానికి పది నిమిషాలు చాలు. గీయడం మొదలయ్యాక అదే మార్పు వారం తింటుంది.

దర్శకుడు కష్టమైన షాట్లన్నీ ముందేసుకుని ఒక్కోదాన్నీ అడగాలి: ప్రేక్షకుడికి ఇది నిజంగా కనబడాలా, తెలిస్తే చాలా? పిల్లులతో ఊరు ఊరంతా రాజసభకు తరలే దృశ్యం ఉంది. వరసంతా చూపించే బదులు, ద్వారపాలకుడి మొహం దగ్గరగా చూపించి, వెనక నుంచి పిల్లుల అరుపులు వినిపించి, అతని కళ్లు ఒక్కో పిల్లితో పాటు కదిలిస్తే సరిపోతుంది. నవ్వు కూడా ఎక్కువ వస్తుంది. ఆవును ఇంటికి తోలుకొచ్చే నడక తీసేసి, గుంజకు కట్టి నెమరు వేస్తున్న ఆవును చూపవచ్చు. పిల్లి మూతి కాలే క్షణంలో పిల్లి అసలు కనబడనక్కర్లేదు. పొగలు కక్కే గిన్నె, ఒక కేక, ఊగుతున్న తలుపు చాలు. ఇలా ఆరు కష్టమైన షాట్లు సులువైనవిగా మారితే ఒక్కోదానికి నాలుగేసి రోజుల చొప్పున 24 రోజులు మిగులుతాయి. 122 రోజులకు వచ్చాం. నిండు సభలో పాల గిన్నెను చూసి పిల్లి పారిపోయే షాటును మాత్రం ముట్టుకోకూడదు. కథ మొత్తం దాని కోసమే ఉంది కాబట్టి ఐదు రోజులూ దానికి ఇవ్వాల్సిందే.

స్టోరీబోర్డు బొమ్మలను వరసగా పేర్చి, తాత్కాలికంగా గొంతులు కలిపి, అసలు నిడివితో నడిపి చూసే ముక్కను యానిమాటిక్ అంటారు. కథ వేగం తేలేది ఇందులోనే. కథ తెలియని నలుగురికి చూపించి, ఎక్కడ అర్థం కాలేదో తెలుసుకుని, సరిదిద్ది, ఇక మారదని ముగ్గురూ ఒప్పుకోవాలి. అసలు గొంతుల రికార్డింగు కూడా అప్పటికి అయిపోవాలి, ఎందుకంటే పెదవుల కదలిక మాటలను బట్టి గీస్తారు. కథకు రెండు వారాలు, స్టోరీబోర్డుకు మూడు, యానిమాటిక్‌కు ఒకటి. మొత్తం ఆరు వారాలు పోయినా ఒక్క షాటూ తయారు కాలేదని కంగారు పడకూడదు.

తర్వాత పన్నెండు వారాల పైచిలుకు అసలు గీత. 122 రోజులు ఇద్దరికి పంచితే చెరో 61. ఆరు రోజులు పనిచేసినా లెక్కలో ఐదే రాసుకోవాలి. ఆరో రోజు దిద్దుబాట్లకు, ముగ్గురూ కూర్చుని చూసుకోవడానికి. చిత్రకారిణి లెక్క వేరుగా వేయాలి. 52 షాట్లకు 52 బ్యాక్‌గ్రౌండ్లు అక్కర్లేదు. రామకృష్ణుడి వసారా, రాజసభ, వీధి వంటివి మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి 14 చాలు, ఒక్కోదానికి రెండు రోజుల చొప్పున 28. షాట్లను కలిపి పూర్తిచేయడానికి షాటుకు అరపూట చొప్పున 26. మొత్తం 54. మిగిలిన వారం రోజులు శబ్దాలూ సంగీతం చేసేవారితో మాట్లాడుకోవడానికి. ముగ్గురి బరువూ దాదాపు సమానంగా వచ్చింది. ఇలా రాకపోతే రంగులు నింపే పని ఒకరి నుంచి ఇంకొకరికి మార్చి సరిచేసుకోవాలి.

ఇంత సమంగా పంచినా ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చునే ప్రమాదం ఉంది. యానిమేటర్‌కు రంగుల బ్యాక్‌గ్రౌండ్ అక్కర్లేదు గానీ నేల ఎక్కడ, గుమ్మం ఎక్కడ, కంటి ఎత్తు ఎంత అన్నది తెలిపే గీత కావాలి. కాబట్టి చిత్రకారిణి మొదట 14 దృశ్యాలకూ ఉత్త గీతలు పూర్తిచేసి ఇచ్చి, ఆ తర్వాత తీరుబడిగా రంగుల్లోకి వెళ్లాలి. ఒక్కో దాన్నీ రంగులతో ముగించి తర్వాతిది మొదలుపెడితే, నాలుగో వారానికల్లా యానిమేటర్లు ఖాళీగా కూర్చుంటారు.

షాట్లను కథ వరసలో చేయడం కూడా మంచిది కాదు. మొదట రెండు మూడు మధ్యరకం షాట్లతో చెయ్యి కుదుర్చుకుని, వెంటనే కష్టమైనవి పట్టుకోవాలి. సులువైనవి చివరికి ఉంచితే, సమయం మించినప్పుడు వాటిని కుదించడం తేలిక. సినిమా మొదటి షాట్లను బాగా ఆలస్యంగా చేయాలన్నది నా గట్టి నమ్మకం. ప్రేక్షకుడు ముందు చూసేవి అవే, అప్పటికి చేతులు బాగా తిరిగి ఉంటాయి.

పని గమనించడానికి ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. వరసకో షాటు, నిలువు గడుల్లో గీత, యానిమేషన్, శుభ్రం, రంగు, కలపడం. ఫైళ్ల పేర్లు మొదటి రోజే ఒక పద్ధతిలో ఉండాలి. 24వ షాటు యానిమేషన్ మూడో రూపం `PILLI_sh024_anim_v03` అయితే, ఏది తాజాదో ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. దాదాపు అయిపోయింది అనే మాటకు ఆ పట్టికలో చోటివ్వకూడదు. ముగ్గురూ చూసి ఒప్పుకున్న షాటే లెక్కలోకి వస్తుంది, సగం చేసినవి పది ఉన్నా సున్నాయే.

దీని విలువ నాలుగో వారం చివర తెలుస్తుంది. ప్రణాళిక ప్రకారం ఇద్దరివీ కలిపి వారానికి 10 చొప్పున 40 రోజుల పని అవ్వాలి. పట్టికలో 28 రోజుల పనే పూర్తయినట్టు కనిపించిందనుకోండి. వచ్చే వారాల్లో పుంజుకుంటామనే ఆశ సహజం, కానీ వేగం అలా మారడం అరుదు. మిగిలింది 94 రోజుల పని. వారానికి ఏడు చొప్పున మరో 13 వారాలు దాటుతుంది. అంటే మొత్తం మీద ఐదు వారాల ఆలస్యం. నాలుగో వారంలోనే తెలిస్తే ఇంకో మూడు నాలుగు కష్టమైన షాట్లను సులువు చేయవచ్చు, లేదా ఒక చిన్న సన్నివేశం తీసేయవచ్చు. పదకొండో వారంలో తెలిస్తే మిగిలే దారి రాత్రులు మేల్కోవడమే, అలా చేసిన షాట్లు తెర మీద పట్టిచ్చేస్తాయి.

ఈ సినిమానే త్రీడీలో తీస్తే గీతల బదులు ఇంకో అడ్డంకి వస్తుంది. 7,200 ఫ్రేములు, ఒక్కోటి రెండరింగుకు పది నిమిషాలు తీసుకుంటే ఒకే కంప్యూటర్ మీద 1,200 గంటలు, అంటే రాత్రింబవళ్లు 50 రోజులు. ఆ రోజులు క్యాలెండర్‌లో విడిగా కనబడాలి.

గీత ముగిశాక శబ్దాలు, సంగీతం, చివరి దిద్దుబాట్లకు మూడు వారాలు. ఆరు, పన్నెండున్నర, మూడు కలిపితే ఇరవై ఒకటిన్నర, ఇరవై రెండు అనుకుందాం. దాని మీద నాలుగు వారాలు జ్వరాలకు, పండగలకు, పాడయ్యే హార్డ్‌డిస్కులకు వదిలితే 26 వారాలు, ఆరు నెలలు. ఫిల్మ్ ఫెస్టివల్‌కు పంపాలనుకుంటే గడువు తేదీ నుంచి ఈ 26 వారాలూ వెనక్కి లెక్కపెట్టి మొదలయ్యే రోజు నిర్ణయించుకోండి. వదిలిపెట్టిన ఆ నాలుగు వారాలు చూసి కొత్త షాట్లు కలపాలనిపిస్తుంది, దయచేసి కలపకండి.