బాండు వడ్డీలో దాగిన ఎగవేత భయం

ఏడాది గడువున్న ప్రభుత్వ బాండు మీద రాబడి 7 శాతం, అదే గడువున్న ఓ కంపెనీ బాండు మీద 10 శాతం అనుకుందాం. ఆ 3 శాతం తేడానే క్రెడిట్ స్ప్రెడ్. వంద పెడితే కంపెనీ 110 ఇవ్వాలి. చేతులెత్తేస్తే అందులో 40 శాతమే, అంటే 44 రూపాయలే వసూలవుతాయనుకుంటే నష్టం 66. సగటున ప్రభుత్వ బాండులాగే 107 చేతికి రావాలంటే 3ను 66తో భాగించాలి. ఎగవేత అవకాశం సుమారు 4.5 శాతం.

వసూలు 70 శాతమనుకుంటే నష్టం 33కు తగ్గి, అదే అవకాశం 9 శాతం దాటుతుంది! అందుకే వసూలు ఎంతనుకున్నారో తెలియకుండా ఈ అంకెను నమ్మకూడదు. పైగా స్ప్రెడ్‌లో బాండును తేలిగ్గా అమ్ముకోలేని ఇబ్బందికీ, రిస్క్ మోసినందుకూ ఇచ్చే ప్రతిఫలం కలిసి ఉంటుంది. కాబట్టి నిజమైన ఎగవేతలు సాధారణంగా ఈ లెక్కకన్నా తక్కువే.