ఒక బావి, ఒక వాన డబ్బా, ఒక తరగతి

జూన్‌లో బళ్లు తెరిచేనాటికి అనంతపురం వైపు బావుల్లో నీళ్లు ఏడాది మొత్తంలో బాగా అడుక్కి పోయి ఉంటాయి. వానలు బాగుంటే దసరా సెలవులు దాటేసరికి పైకొస్తాయి. బడి మొదటి నాలుగైదు నెలలూ, భూగర్భజలం కోలుకునే నెలలూ ఒకటే. ఎనిమిదో తరగతికో తొమ్మిదో తరగతికో ఇంతకంటే మంచి ప్రాజెక్టు పని నాకు తోచడం లేదు. ప్రశ్న ఒక్కటే: మన ఊళ్లో ఎంత వాన పడితే బావిలో నీళ్లు ఎంత పెరుగుతాయి, ఎన్నాళ్లకు పెరుగుతాయి?

ఇది పిల్లలకు మించిన పనేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల దశకంలో ఏపీఫామ్స్ అనే పథకం నడిచింది. ఏడు కరువు జిల్లాల రైతులు తమ బావుల, బోర్ల నీటిమట్టాలను తామే కొలిచి, వానను తామే నమోదు చేసి, ఊరి గోడల మీద రాసి పెట్టారు. రబీకి ముందు ఉన్న నీళ్లెన్నో, వేయబోయే పంటలకు కావలసినవెన్నో కూర్చుని లెక్క కట్టారు. వాళ్లలో బడి ముఖం చూడనివాళ్లూ ఉన్నారు.

ముందు బావి ఎంపిక. మోటారు బిగించని బావి కావాలి. రోజూ తోడే బావిలో మట్టం వానను బట్టి కాక కరెంటు వేళలను బట్టి లేస్తూ పడుతూ ఉంటుంది. వాడకుండా వదిలేసిన బావిలోని నీళ్లే చుట్టుపక్కల నేల లోపలి మట్టాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తాయి. వీలైతే పోల్చడానికి మోటారు బావి ఒకటి, చెరువు కింది బావి ఒకటి కలుపుకోవచ్చు. దేనికైనా నడుమెత్తు పిట్టగోడ ఉండి తీరాలి. గోడ లేని బావి ఎంత మంచిదైనా వద్దు. టేపు వదిలేది మాస్టారో ఆ పొలం రైతో. పిల్లలు రెండడుగులు వెనక నిలబడి, గోడ దగ్గర టేపు మీద అంకె చదివి రాసుకుంటారు.

టేపు కొసకు చిన్న స్టీలు గ్లాసును బోర్లించి కట్టాలి. గ్లాసు అంచు నీటిని తాకగానే ‘టప్’మని చప్పుడవుతుంది, చీకటి బావిలోనూ వినిపిస్తుంది. గ్లాసు అంచు టేపు సున్నా కంటే ఎంత కిందికి ఉందో ముందే కొలిచి, ఆ కాస్తా ప్రతిసారీ కలపాలి. పిట్టగోడ మీద ఎర్ర రంగుతో ఒక గుర్తు పెట్టి ఎప్పుడూ అక్కడినుంచే కొలవాలి. వచ్చిన లోతులోంచి గోడ ఎత్తు తీసేస్తే నేలమట్టం నుంచి లోతు తెలుస్తుంది. వారానికొకసారి, ఒకే రోజు, పొద్దున్నే, చుట్టుపక్కల మోటార్లు ఆడకముందు. నలభై మంది తరగతైతే ఐదుగురేసి ఎనిమిది జట్లు, వారానికో జట్టు వెళ్లినా చాలు.

వాన డబ్బాకు రెండు లీటర్ల సీసా, పది సెంటీమీటర్ల మూతి ఉన్న గరాటు సరిపోతాయి. గరాటు మూతి వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వానకు అందులో దాదాపు 8 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. 160 మిల్లీలీటర్లు పడితే 20 మిల్లీమీటర్ల వాన అన్నమాట. ఈ లెక్కను గణితం పీరియడ్‌లో పిల్లలచేతే కట్టించాలి. సీసా పడిపోకుండా సగందాకా మట్టిలో పాతి, చెట్టుకూ గోడకూ వాటి ఎత్తుకు రెండింతల దూరంలో ఉంచాలి. వాతావరణ శాఖ వాళ్లు రోజూ ఉదయం 8:30కి చదువుతారు. బడికి ఆ వేళ కుదరకపోతే ప్రార్థనకు ముందు చదవండి, కానీ వేళ మార్చకండి. ఆదివారం ఎవరూ రాకపోతే సోమవారం వచ్చింది రెండు రోజుల వాన అని పక్కనే రాయాలి. మండల కేంద్రంలో 30 అనీ మన బడిలో 12 అనీ వస్తే కంగారు పడనక్కర్లేదు. ఉరుముల వాన ఒక ఊళ్లో దంచి పక్క ఊరిని వదిలేస్తుంది.

గ్రాఫు గీసేటప్పుడు తరగతి తప్పకుండా తికమక పడుతుంది. లోతు 9 మీటర్ల నుంచి 7కి వస్తే అంకె తగ్గింది, నీళ్లు పెరిగాయి. అందుకే నిలువు గీతలో సున్నాను పైన పెట్టి లోతును కిందికి గుర్తించాలి. అప్పుడు గీత పైకి లేస్తే బావిలో నీళ్లూ పైకి లేచినట్టే. దాని కిందే అదే తేదీలకు వాన కడ్డీలు గీస్తే రెంటికీ సంబంధం కంటికి కనిపిస్తుంది.

ఒక ఊహా లెక్కతో చూద్దాం. జూన్ చివర లోతు 9.40 మీటర్లు. జులైలో ఒక రాత్రి 38 మిల్లీమీటర్లు పడింది, బావి కదల్లేదు. పిల్లలు నీరసపడేది ఇక్కడే, అసలు పాఠం మొదలయ్యేదీ ఇక్కడే. ఎండిన నేల ముందు తన దాహం తీర్చుకుంటుంది. రైతుకు అది పదును వాన, విత్తనానికి చాలు, బావి దాకా రాదు. సెప్టెంబరులో మూడు రోజుల ముసురు పట్టి 90 మిల్లీమీటర్లు కురిసింది. తర్వాతి రెండు వారాల్లో బావి 60 సెంటీమీటర్లు లేచింది. పడింది 9 సెంటీమీటర్లయితే లేచింది 60 ఎలా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే మాస్టారే అడగాలి. గ్రానైటు నేలల్లో నీళ్లు నిలిచే సందులు బహు తక్కువ, నూటికి ఒకటి నుంచి మూడు వంతులు. రెండు వంతులనుకుంటే 60 సెంటీమీటర్ల పెరుగుదల వెనక ఉన్నది 12 మిల్లీమీటర్ల నీరే. 90లో భూమిలోకి దిగింది 12. మిగతాది మట్టిలో నిలిచింది, ఆవిరైంది, వాగులో పోయింది. ఆ రెండు వంతులన్నది అంచనా కాబట్టి జవాబును 6 నుంచి 18 దాకా అని రాయించడమే నిజాయితీ.

తప్పులు ఎలా పట్టుకోవాలి? ఒకే పూట రెండు జట్లు విడివిడిగా కొలిచాక రెండు సెంటీమీటర్లకు మించి తేడా వస్తే మళ్లీ కొలవాలి. అంకెలన్నీ సున్నాతోనో ఐదుతోనో ముగుస్తుంటే ఎవరో అంచనాగా రాస్తున్నారు. ఒకసారి ఉన్నట్టుండి అంకె బాగా పెరిగిపోతే టేపును అడుగుల వైపు చదివి ఉంటారు, లేదా గోడ ఎత్తు తీయడం మరచి ఉంటారు. వాన వెలిసిన గంటల్లోనే బావి పెరిగి రెండు రోజుల్లో దిగిపోతే పైనీళ్లు నేరుగా బావిలోకి దూకాయన్నమాట. దాన్ని ఇంకిన నీటిగా లెక్కించకూడదు. వెళ్లని వారం గడి ఖాళీగా ఉండాలి. ఖాళీకి మార్కులు తగ్గించబోమని మొదటి రోజే గట్టిగా చెప్పాలి, లేకపోతే పిల్లలు గడి నింపడానికి అంకెలు కల్పిస్తారు.

అక్టోబరులో, రబీ విత్తనానికి ముందు, ఈ గ్రాఫును పంచాయతీ దగ్గర పెద్దవాళ్ల ముందు పెట్టించాలి. ఒక పంటకాలంలో వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, వేరుశనగకు 500 చాలు. ఆ ముసురుకు భూమిలోకి దిగింది 12. అంటే బోరు నీటితో ఒక ఎకరం వరి పండాలంటే వంద ఎకరాల్లో ఆ ముసురు ఇంకిన నీళ్లు కావాలి, వేరుశనగకు దాదాపు నలభై ఎకరాలవి చాలు. వరి మడిలోంచి కొంత నీరు తిరిగి కిందికి దిగుతుంది, ఏడాదిలో ముసురు ఒక్కటే రాదు, కాబట్టి ఇదే తుది లెక్క కాదు. ఆ మాట పిల్లలే చెప్పాలి. ఏ పంట వేయాలో మాత్రం వాళ్లు చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలను రాసుకుని వస్తే చాలు, వచ్చే జూన్‌లో కొత్త తరగతి ఎక్కడ మొదలుపెట్టాలో అవే చెబుతాయి. ఆ తరగతికి అందించాల్సినవి రెండు: అంకెల నోటుపుస్తకం, ఎర్ర గుర్తు ఏ బావి మీద ఏ మూల ఉందో చూపే బొమ్మ. గుర్తు చెరిగిపోతే పాత అంకెలూ కొత్తవీ కలవవు. అందుకని వేసవి సెలవులకు ముందే మళ్లీ రంగు వేయించాలి.