రాశిలో రెండు, భావంలో ఒకటి: కుజుడు ఇల్లు మారాడా?

పెళ్లి సంబంధం కుదిరే వేళ జాతకాలు చూపిస్తే ఒక సిద్ధాంతి ‘కుజుడు రెండో ఇంట ఉన్నాడు, దోషం ఉంది’ అంటారు. అదే జాతకం చూసి ఇంకొకరు ‘భావ చక్రంలో కుజుడు లగ్నంలోనే ఉన్నాడు కదా’ అంటారు. ఇద్దరి గణితమూ సరైనదే కావచ్చు. తేడా ఇంటి హద్దులు ఎక్కడ గీశారన్న దాంట్లో ఉంది.

రాశి చక్రంలో లగ్నం ఏ రాశిలో పడితే ఆ రాశి మొత్తం ఒకటో ఇల్లు. లగ్నం ఆ రాశిలో మొదటి డిగ్రీలో ఉన్నా, ఇరవై తొమ్మిదో డిగ్రీలో ఉన్నా లెక్క ఒకటే. భావ చలిత చక్రం అలా ఊరుకోదు. పుట్టిన క్షణాన తూర్పున ఉదయిస్తున్న డిగ్రీని, అంటే లగ్న స్ఫుటాన్ని, ఒకటో భావానికి మధ్య బిందువుగా తీసుకుంటుంది. భావానికి సమంగా 30 డిగ్రీలు ఇస్తే, ఆ బిందువుకు ఇటు 15, అటు 15 డిగ్రీలు ఒకటో ఇల్లు. రెండు ఇళ్లు కలిసే చోటు భావ సంధి.

ఒక జాతకంలో లగ్నం సింహంలో 26 డిగ్రీలు, కుజుడు కన్యలో 10 డిగ్రీలు అనుకుందాం. రాశి చక్రం ప్రకారం సింహం ఒకటో ఇల్లు, కన్య రెండో ఇల్లు. కాబట్టి కుజుడు రెండింట. భావ చక్రంలో ఒకటో ఇల్లు సింహం 11 నుంచి కన్య 11 దాకా ఉంటుంది, కనుక కుజుడు ఒకటింట. అదే జాతకంలో శుక్రుడు సింహం 5లో ఉంటే, రాశిలో ఒకటో ఇంటివాడైనా భావంలో పన్నెండింటికి వెళ్తాడు. గ్రహం కదల్లేదు, గీత కదిలింది.

ఈ కుజుడు సంధికి ఒక్క డిగ్రీ దూరంలోనే ఉన్నాడు. లగ్నం సగటున నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతుంది. జనన సమయం అయిదారు నిమిషాలు ముందుదని తేలితే హద్దు వెనక్కి జరిగి, కుజుడు భావ చక్రంలోనూ రెండింటికి వచ్చేస్తాడు. పుట్టిన వేళ అంచనాగా చెప్పినప్పుడు సంధి దగ్గరి గ్రహాన్ని నమ్ముకొని తీర్పు చెప్పకూడదు.

పద్ధతి మారినా ఫలితం మారుతుంది. శ్రీపతి పద్ధతిలో దశమ భావ మధ్యాన్ని విడిగా గణించి, దానికీ లగ్నానికీ మధ్య దూరాన్ని మూడు భాగాలు చేస్తారు. అందుకే అక్కడ భావాలన్నీ 30 డిగ్రీలే ఉండవు. కృష్ణమూర్తి పద్ధతిలో లగ్న డిగ్రీ భావానికి మధ్య కాదు, ఆరంభం.

భావ చక్రంలో ఇల్లు మారినా కుజుడు కన్యలోనే ఉంటాడు. రాశి, రాశ్యధిపతి, ఉచ్చ నీచలు మారవు. అందుకే చాలామంది జ్యోతిషులు గ్రహబలానికి రాశి చక్రాన్ని, ఏ ఇంటి ఫలం ఇస్తాడన్నదానికి భావ చక్రాన్ని చూస్తారు. దోషం ఉందనో లేదనో ఎవరైనా చెబితే, ఏ చక్రం చూశారో, లగ్నం ఎన్ని డిగ్రీలో, గ్రహం సంధికి ఎంత దూరమో ముందు అడగండి.