గీత మీద బండి ఎందుకు ఆగుతుంది?

రాజమండ్రిలాంటి ఊళ్లో ఇంజినీరింగ్ ముగించి బడిపిల్లలకు రోబోటిక్స్ నేర్పేవారు తరచు నల్లగీత వెంట నడిచే బండితోనే మొదలుపెడతారు. అది ఆగిపోతే అందరూ ప్రోగ్రామ్‌ను అనుమానిస్తారు. నేరం చాలాసార్లు బ్యాటరీదే. చదరపు 9 వోల్టుల బ్యాటరీ, రెండు మోటార్లు ఒక్కసారిగా కదలడానికి కావలసినంత కరెంటు ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోయి ఆర్డినో మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గుర్తుపట్టడం తేలికే: చక్రాలను గాల్లోకి ఎత్తితే తిరుగుతాయి, నేలపై పెడితే బోర్డు దీపం మసకబారుతుంది. మోటార్లకు విడిగా 4 పెన్సిల్ సెల్స్ పెట్టి, రెండింటి గ్రౌండ్ తీగలు కలిపితే సరిపోతుంది. అంతకుముందు, బండి కదిలేటప్పుడు వోల్టేజీ ఎంత పడుతోందో మీటరుతో పిల్లల చేతే కొలిపించాలి. అసలు పాఠం అక్కడే ఉంది. కిటికీ పక్కన మాత్రం గీత వేయొద్దు. ఎండలోని పరారుణ కాంతికి సెన్సార్ నలుపును కూడా తెలుపనుకుంటుంది.